వార్షిక నివేదిక 2025–26: బ్రిటన్‌లో చదువుతున్న మన పిల్లల పార్ట్‌టైం పని, గంటల పరిమితి, న్యాయమైన జీతం

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన తల్లిదండ్రులకు నమస్కారం. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు మన సంఘం చేసిన పనిని నియమావళి ప్రకారం మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు సభ్యులందరికీ తెలిసినవే కనుక వాటిని మళ్లీ రాయడం లేదు.

హనుమకొండ, కాజీపేట, పరకాల, నర్సంపేటల నుంచి ఈ ఏడాది వెళ్లిన మన సభ్యుల పిల్లల్లో ఎక్కువమంది ఇంగ్లాండ్‌లోని కోవెంట్రీలో చేరారు. కోవెంట్రీ యూనివర్సిటీ ఊరి నడిబొడ్డున ఉంటే, వార్విక్ యూనివర్సిటీ శివారులో ఉంది. రెండు యూనివర్సిటీల విద్యార్థులూ అవే హోటళ్లు, దుకాణాలు, గోదాముల్లో పని అడుగుతారు కాబట్టి, సెప్టెంబరులో దిగినవారికి మొదటి పని దొరకడానికి నెలలు పడుతోంది. అంత నిరీక్షించి దొరికిన పనిని వదులుకోలేక పిల్లలు ఏ షరతుకైనా తలూపుతున్నారు. ఈ ఏడాది మనకు వచ్చిన ఫోన్లలో చాలావరకు ఈ సంగతి గురించే కావడంతో, మిగతా కార్యక్రమాలను తగ్గించి కార్యవర్గం దీని మీదే దృష్టి పెట్టింది.

సంఘం గర్వంగా చెప్పుకోదగిన కార్యక్రమం జూలైలో హనుమకొండలో జరిపిన ప్రయాణానికి ముందటి అవగాహన సదస్సు. అందులో ఉపన్యాసాలు పెట్టలేదు. ప్రతి విద్యార్థికీ ఒక తెల్లకాగితం ఇచ్చి, సోమవారం నుంచి ఆదివారం వరకు గడులు గీయించి, పని గంటలను, జీతాన్ని వారి చేతనే లెక్క కట్టించాము. డిగ్రీ, ఆ పైస్థాయి కోర్సులకు వెళ్లిన విద్యార్థి వీసాదారుడు టర్ము నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు మించి పని చేయరాదన్నది అందరూ విన్న మాటే. ఆ వారం సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుందని మాత్రం సభలో చాలామందికి తెలియదు. ఒక వారం 15 గంటలు, తర్వాతి వారం 25 గంటలు చేసి సగటు 20 అని చెబితే చెల్లదు, రెండో వారంలో నిబంధన తప్పినట్టే. ఆదివారం రాత్రి షిఫ్టు అర్ధరాత్రి దాటితే, పన్నెండు తర్వాతి గంటలు కొత్త వారం లెక్కలోకి వెళతాయి. రెండు చోట్ల పని చేస్తే రెండింటి గంటలూ కలిపే 20, జీతం లేకుండా చేసే పని గంటలు కూడా అందులో కలుస్తాయి.

ఇంకొక విషయంలో తల్లిదండ్రులే ఎక్కువగా పొరబడుతున్నారు. వేసవి సెలవుల్లో పూర్తికాలం పని చేసుకోవచ్చనే మాట బ్యాచిలర్ డిగ్రీ పిల్లలకు వర్తిస్తుంది. ఏడాది మాస్టర్స్ కోర్సులో వేసవి నెలలు సాధారణంగా డిసర్టేషన్ రాసే కాలం కాబట్టి అవి టర్ము కిందికే వస్తాయి, 20 గంటల పరిమితి కోర్సు ముగింపు తేదీ వరకు కొనసాగుతుంది. మన పిల్లల్లో దాదాపు అందరూ మాస్టర్స్ వారే. వేసవిలో రెండు పనులు చేసి బ్యాంకు అప్పు తీర్చమని ఇంటి నుంచి ఒత్తిడి చేయడమంటే, ఆ పిల్లల వీసాను ప్రమాదంలోకి నెట్టడమేనని ఈ సభలో స్పష్టంగా చెప్పవలసి వస్తోంది.

ఇక జీతం సంగతి. ఈ నివేదిక కాలంలో 21 ఏళ్లు, ఆ పైబడినవారికి అక్కడి చట్టబద్ధ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు, 18 నుంచి 20 ఏళ్లవారికి 10 పౌండ్లు. ఈ హక్కు విదేశీ విద్యార్థికి, స్థానికుడికి సమానమే. మాకు వచ్చిన ఫిర్యాదుల్లో కాగితం మీద గంటకు 12.21 పౌండ్ల కంటే తక్కువ ఎవరూ రాయలేదు. తగ్గించేది గంటల లెక్కలోనే. ఒక విద్యార్థి అనుభవాన్ని, అతని అనుమతితో, పేరు లేకుండా వివరంగా రాస్తున్నాను.

పరకాల ప్రాంతం నుంచి వెళ్లిన 23 ఏళ్ల విద్యార్థికి అక్టోబరులో ఒక రెస్టారెంటులో పని దొరికింది. శుక్ర, శని, ఆదివారాల్లో సాయంత్రాలు ఆరేసి గంటల చొప్పున షిఫ్టుల పట్టిక అయిన రోటాలో 18 గంటలు వేశారు. వారానికి 219.78 పౌండ్లు ఖాతాలో పడేవి, చూడటానికి అంతా చట్టప్రకారమే ఉంది. అయితే ప్రతి షిఫ్టుకు ఇరవై నిమిషాల ముందే వచ్చి బల్లలు సర్దాలి, మూసిన తర్వాత నలభై నిమిషాలు వంటగది కడగాలి. ఈ గంటకు జీతం లేదు. యజమాని చెప్పిన చోట, చెప్పిన పని చేస్తూ గడిపిన సమయమంతా చట్టం దృష్టిలో పని సమయమే. అంటే అతను చేసింది 21 గంటలు. 219.78ని 21తో భాగిస్తే గంటకు సుమారు 10.47 పౌండ్లు వస్తుంది. అతనికి రావలసింది 256.41 పౌండ్లు, వారానికి 36.63 పౌండ్లు తక్కువ. పది వారాలకు ఆ తేడా 366.30 పౌండ్లు అయింది. మొదటి వారం జీతంలో యూనిఫాం షర్టుకని మరో 15 పౌండ్లు కోశారు. యజమాని అవసరం కోసం వేసుకోవలసిన దుస్తుల ఖర్చు జీతాన్ని కనీస వేతనం కిందికి దించకూడదు కనుక ఆ కోత కూడా చెల్లదు.

ఈ లెక్కలో దాగి ఉన్న రెండో సంగతే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది. జీతం ఎగ్గొట్టిన ఆ మూడు గంటలు కలిస్తే 18 కాస్తా 21 అవుతుంది. అంటే యజమాని దోచుకున్న గంటల వల్లనే విద్యార్థి 20 గంటల పరిమితి దాటాడు. అతను జీతం అడిగినప్పుడు మేనేజరు ఈ మాటే ఎత్తి, ఫిర్యాదు చేస్తే నీ వీసాకే ముప్పు అని భయపెట్టాడు. ఇలాంటి బెదిరింపుకు లొంగి నోరు మూసుకున్న పిల్లలు ఇంకా ఉన్నారని మా నమ్మకం.

ఆ అబ్బాయిని కాపాడింది అతని ఫోనులో రాసుకున్న పట్టిక. ప్రతి షిఫ్టులో లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం అదే రోజు రాసుకున్నాడు, గోడ మీది రోటాను ప్రతి వారం ఫొటో తీశాడు. పేస్లిప్పులన్నీ దాచుకున్నాడు. గంటల ప్రకారం జీతం మారే ఉద్యోగి పేస్లిప్పులో గంటల సంఖ్య చూపాలని అక్కడి నియమం కాబట్టి, దానిలోని 18కి, అతని పట్టికలోని 21కి మధ్య తేడా కాగితం మీదే కనిపించింది. వీసా చిక్కు కూడా ఉన్నందున అతన్ని ముందుగా యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల సలహా కేంద్రానికి వెళ్లమన్నాము. వీసా సలహాను బ్రిటన్‌లో అనుమతి ఉన్నవారే ఇవ్వాలి, స్నేహితుల గ్రూపులో వచ్చే సలహాకు ఆ బాధ్యత ఉండదు. అక్కడి సలహాదారు వెంటనే గంటలు తగ్గించుకొమ్మని చెప్పారు, జీతం బకాయిని కోరుతూ లేఖ రాయడానికి విద్యార్థి సంఘం తోడ్పడింది. ఉద్యోగ హక్కుల మీద ఉచితంగా సలహా ఇచ్చే ఏకాస్ హెల్ప్‌లైనుకు కూడా అతను ఫోన్ చేశాడు. లేఖ అందిన తర్వాత యజమాని 366.30 పౌండ్లు చెల్లించాడు, షర్టు డబ్బు మాత్రం ఇవ్వలేదు. అతను అప్పట్లో కనీస వేతనం అమలును చూస్తున్న పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీ వరకు వెళ్లలేదు. వీసా మీద ఇప్పటివరకు ఏ చర్యా రాలేదు, రాదని హామీ ఇచ్చినవారు కూడా లేరు. అతను ఆ పని మానేసి, యూనివర్సిటీ ద్వారా దొరికిన క్యాంపస్ పనిలో చేరాడు. అక్కడ టైంషీటులో రాసిన ప్రతి గంటకూ జీతం, దానిపైన సెలవు వేతనం ఇస్తున్నారు.

పని ఇచ్చేవారి తీరును మొదటి రోజే కొంత పసిగట్టవచ్చు. చట్టాన్ని పాటించే యజమాని, విద్యార్థి ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి తీసుకునే షేర్ కోడ్ అడిగి పని హక్కును సరిచూస్తాడు, యూనివర్సిటీ టర్ము తేదీల పత్రం తీసుకుంటాడు. ఈ రెండూ అడగకుండా నగదు ఇస్తానన్నవాడు రేపు జీతం ఎగ్గొట్టినా రుజువు మిగలదు. ఇంటింటికి ఆహారం చేరవేసే యాప్‌లలో ఇంకొకరి ఖాతా అద్దెకు తీసుకొని తిరగడం మరీ ప్రమాదం. విద్యార్థి వీసా మీద స్వయం ఉపాధి నిషేధం, ఆ పనుల్లో అధికభాగం ఆ కోవలోకే వస్తాయి.

తల్లిదండ్రులు వేసుకోవలసిన లెక్క ఒకటుంది. 2025 సెప్టెంబరులో చేరినవారు లండన్ వెలుపల జీవన ఖర్చులకు నెలకు 1,136 పౌండ్ల చొప్పున వీసా కోసం చూపవలసి వచ్చింది. 20 గంటలూ నిండుగా చేసినా నాలుగు వారాలకు వచ్చేది 976.80 పౌండ్లు. పార్ట్‌టైం జీతంతో ఖర్చులు వెళ్లిపోతాయని, ఫీజు కూడా కట్టుకోవచ్చని ఊరూరా చెబుతున్న కన్సల్టెన్సీలను నమ్మి పిల్లలను పంపకండి.

సదస్సుకు హాలు ఉచితంగా ఇచ్చిన దాతకు, లెక్కల పత్రాలు సిద్ధం చేసిన విశ్రాంత బ్యాంకు అధికారికి, కోవెంట్రీ నుంచి వీడియోలో మాట్లాడిన మన పూర్వ విద్యార్థినికి, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకు, రాత్రివేళల్లో ఫోన్లు ఎత్తిన ఇద్దరు కార్యవర్గ సభ్యులకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. లిఖితపూర్వకంగా ఆహ్వానించినా, వస్తామని మాట ఇచ్చి కూడా అధికారులు రాలేదు, కారణం కూడా చెప్పలేదు. మన సంఘం హెల్ప్‌లైను బాధ్యతకు గత సమావేశంలో చేతులెత్తిన స్వచ్ఛంద సేవకుల్లో చాలామంది ఒక్క వంతు కూడా తీసుకోలేదు. అక్కడి పిల్లవాడు షిఫ్టు ముగించి ఫోన్ చేసేసరికి ఇక్కడ తెల్లవారుజాము అవుతుంది, ఆ సమయంలో ఇద్దరి మీదే భారం వేయడం న్యాయం కాదు.

ఆదాయ వ్యయాలను ఆడిటర్ పరిశీలించారు, పట్టిక ఈ నివేదికకు జతచేయబడింది. ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు, ఆ పైబడినవారి కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లకు, 18 నుంచి 20 ఏళ్లవారిది 10.85 పౌండ్లకు పెరుగుతున్నందున మన లెక్కల పత్రాన్ని సవరించాము. సెప్టెంబరులో ప్రయాణమయ్యే పిల్లల పేర్లు, చేరబోయే కోర్సు ముగింపు తేదీతో సహా, మే నెలాఖరులోగా కార్యాలయంలో నమోదు చేయించండి. హెల్ప్‌లైనులో నిజంగా వంతు తీసుకోగలిగినవారు మాత్రమే ఈ సమావేశంలో సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి,
హనుమకొండ