సవరణ వేసి ఇంకా చెడగొట్టారు

సంపాదకుడు గారికి,

ధరల మీద మీరేసిన కథనం చూసి అప్పుడే రాద్దామనుకున్నా, సరేలే సవరణ వేస్తారుగా అని ఆగా. వేశారు, అది చూశాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

మీ పట్టికలో మూడేళ్ల ద్రవ్యోల్బణం 50, 10, 3 శాతం. మూడూ కలిపి మూడుతో భాగించి 'సగటున ఏడాదికి 21 శాతం' అని పెద్దక్షరాల్లో కొట్టేశారు. ధరలు కూడికలో పెరగవండీ, రెండో ఏడాది 10 శాతం పడేది మొదటి ఏడాది పెరిగిపోయిన ధర మీదే. సూచీ 100 దగ్గర మొదలైతే మొదటి ఏడాదికి 150, తర్వాత 165, ఆ తర్వాత 169.95. మీ 21 శాతం చొప్పున మూడేళ్లు పెంచి చూడండి, 177 దాటుతుంది. అంటే మీరు చెప్పిన సగటుతో మీ పట్టికే కుదరట్లేదు, అచ్చుకి పంపేముందు ఒక్కరైనా కాలిక్యులేటర్ పట్టుకుని చూడరా?

ఇక్కడ కావాల్సింది గుణమధ్యమం. 1.5, 1.1, 1.03 ఈ మూడూ గుణిస్తే 1.6995, దాని ఘనమూలం సుమారు 1.1934, అందులోంచి ఒకటి తీసేస్తే ఏడాదికి 19.34 శాతం. ఈ రేటుతో మూడేళ్లు పెంచితే మళ్లీ ఆ 169.95 దగ్గరికే వస్తారు, సరిచూసుకోడానికి ఇంతకన్నా ఏం కావాలి.

సవరణలో మాత్రం 'గుణమధ్యమం ప్రకారం 11.45 శాతం' అన్నారు, పేరు కరెక్టే, లెక్క ఇంకా ఘోరం! 50, 10, 3 అంకెల్నే గుణించి ఘనమూలం తీసినట్టున్నారు. ఆ రేటుతో మూడేళ్లకి సూచీ 138 దగ్గరే ఆగిపోతుంది, మిగతా ముప్పై ఏమైనట్టు? శాతాల్ని గుణించకూడదు, ఒకటి కలిపిన గుణకాల్ని గుణించాలి. ఏదో ఒక ఏడాది ద్రవ్యోల్బణం సున్నా అయిందనుకోండి, మీ పద్ధతిలో మొత్తం సగటే సున్నా అయిపోతుంది, మిగతా ఏళ్లలో ధరలు ఎంత మండినా సరే. స్ప్రెడ్‌షీట్‌లో అయితే ఇంతే:

```
=GEOMEAN(1.5, 1.1, 1.03)-1
```

రేట్లు 4, 5, 4 లాగా దగ్గరదగ్గరగా ఉంటే రెండు సగటులకీ పెద్ద తేడా రాదు, అందుకే ఇన్నాళ్లూ ఎవరూ పట్టుకోలేదేమో. ఇలా ఒక ఏడాది ఎగిరితేనే బండారం బయటపడుతుంది. అసలు ఇది మీ ఒక్కరి జబ్బు కూడా కాదు, అధికారుల నివేదికల్లోనూ సగటు అని ఒక అంకె పడేస్తారు, ఏ సగటో చెప్పరు, అడిగితే విసుక్కుంటారు. పైగా గుణమధ్యమం సరిగ్గా తీసినా అది మొదలుకీ చివరకీ మధ్య సాఫీ దారి చూపిస్తుందంతే, మొదటి ఏడాది 50 శాతం దెబ్బ తిన్నవాడి గోల అందులో కనపడదు. కాబట్టి ఈసారి సవరణకి సవరణ వేసేటప్పుడు 19.34 పక్కనే మూడేళ్ల అంకెలూ వేయండి, అదీ మొదటి పేజీలో, తప్పు వేసిన చోటే.

ఇట్లు,
ఒక పాత చందాదారు