మార్మోమాక్‌కు వెళ్లే చీమకుర్తి, ఒంగోలు సభ్యులకు

అందరికీ నమస్కారం. వెరోనా రాతి ప్రదర్శన సెప్టెంబరు చివర్లో అయినా, అక్కడ కలవడానికి టైము అడిగే మెయిళ్లు జులైలోనే వెళ్లాలండి. ఆగస్టు 15 పండుగకు అటూ ఇటూ ఇటలీలో ఆఫీసులు వారాల తరబడి మూసేస్తారు. ఆగస్టులో పంపిన మెయిల్ సెలవుల గుట్టలో పడిపోతుంది. ఇప్పటికే ఆలస్యమైతే సెప్టెంబరు మొదటి వారంలో మళ్లీ పంపండి.

మెయిల్లో కంపెనీ చరిత్ర వద్దు. ఇలా రాస్తే చాలు: "బ్లాక్ గెలాక్సీ, 20 మి.మీ. పాలిష్ స్లాబులు, నెలకు 2 కంటైనర్లు ఇవ్వగలం. బుధవారం 11 గంటలకు మీ స్టాండ్ దగ్గర అరగంట వీలవుతుందా? లేదా గురువారం 3 గంటలకు?" రెండు సమయాలిస్తే ఏదో ఒకటి ఒప్పుకుంటారు. "వీలున్నప్పుడు కలుద్దాం" అంటే ఎవరూ కలవరు.

స్టాండ్ ఉన్నవాళ్లు కదలరు, మనమే వెళ్లాలి. కొనుగోలుదారులు తిరుగుతూ ఉంటారు కాబట్టి హాలు నంబరు, గేటుతో సహా చోటు రాయించుకోండి. ఒక పూటకు ఒకే వైపు హాళ్లు పెట్టుకుని, మీటింగుకూ మీటింగుకూ మధ్య అరగంట వదలండి. చివరి రోజు మధ్యాహ్నానికి చాలామంది సర్దుకుంటారు, ముఖ్యమైన పార్టీని ఆ పూటకు పెట్టొద్దు.

ఇంకొకటి, ఇది చాలామందికి జరిగేదే. ఇక్కడుండగా ఫోన్ క్యాలెండర్‌లో 11 అని వేస్తే అక్కడ దిగాక అది 7:30 చూపిస్తుంది, వాళ్ల టైము మనకన్నా మూడున్నర గంటలు వెనక. ఎంట్రీ వేసేటప్పుడే టైమ్ జోన్ రోమ్ అని పెట్టండి, కాగితం మీదా రాసుకోండి.