సొరుగులో ఫైలు

ఒరేయ్,

రెండు నెలలుగా జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. ఇంట్లో అందరూ కులాసా. నా మోకాలు అలాగే ఉంది. అంతే, అసలు సంగతి వేరే.

మా సీనియర్ క్లర్కుగారు మొన్న రిటైరయ్యారు. సెక్షన్ హెడ్‌ని కదా, వీడ్కోలు ప్రసంగం నా నెత్తిన పడింది. మైకు ముందు నా చరిత్ర నీకు తెలిసిందే... ‘గౌరవనీయులైన గౌరవనీయులైన’! నవ్వకు.

మొదట ఆయన సర్వీసు రిజిస్టరు తెప్పించి చేరిన తేదీ, ప్రమోషన్లు, చూసిన సీట్లు వరసగా రాశాను. నాలుగు పేజీలు. చదువుకుంటే పెన్షన్ కాగితాల్లా ఉంది, మనిషే లేడు. చింపేశా. తర్వాత ఒక సంఘటన పట్టుకున్నా: ఆఫీసరుగారు సంతకం పెట్టబోతున్న బిల్లులో కూడిక తప్పు క్లర్కుగారే కనిపెట్టారు. భలే ఉంటుంది గానీ ఆ ఆఫీసరే వేదిక మీద నా పక్క కుర్చీలో ఉంటారు! అదీ కొట్టేశా.

మిగిలింది చీటీ కథ. ఎవరైనా ఫైలు తీసుకెళ్తే, బీరువాలో ఆ ఖాళీలో ఆయన చిన్న చీటీ పెట్టేవారు: ఫైలు నంబరు, తీసుకున్నవారి పేరు, తేదీ. ఒకసారి ఆడిట్‌వాళ్ళు ఒక మంజూరు ఉత్తర్వు అడిగారు. ఫైలు లేదు. సెక్షన్‌లో అందరి మీదా నేనే కేకలేశాను. ఆయన ఏమీ అనకుండా బీరువాలోంచి చీటీ తీసి నా చేతికిచ్చారు. పేరు నాది. ఫైలు నా కింది సొరుగులోనే ఉంది!

దీన్ని అందరి ముందూ చెప్పొచ్చా అని ముందురోజు ఆయన్నే అడిగా. ‘చెప్పండి సార్, సొరుగు ఎవరిదో కూడా చెప్పండి’ అన్నారు. ముసలాయన ఎంత గడుసో చూడు.

నా ముందు మాట్లాడినవాళ్ళు నిజాయితీ, సమయపాలన, ఓర్పు అన్నీ వాడేశారు. నాకొక్క విశేషణం మిగల్చలేదు, అదే నాకు కలిసొచ్చింది. చీటీ కథ చెప్పా. హాలంతా నవ్వింది. మొదటి వరసలో వాళ్ళావిడ కూడా నవ్వారు. ‘మీరు లేకపోతే సెక్షన్ నడవదు’ అన్న వాక్యం రాసుకున్నాను గానీ ఆయన సీటు తీసుకునే అమ్మాయి ఎదురుగా కూర్చుంది, ఆమె ముందు అదెలా అంటాను? దాని బదులు, ‘ఆ చీటీలు ఈ అమ్మాయి కూడా రాస్తోంది, సార్ చేతిరాత కంటే బాగానే అర్థమవుతోంది’ అన్నా. ఆయనే ముందు చప్పట్లు కొట్టారు. మొత్తం నాలుగు నిమిషాలు. గౌరవనీయులు ఒక్కసారే!

చివర్లో మాత్రం, ‘రేపటి నుంచి నా సొరుగు నేనే వెతుక్కోవాలి’ అనబోయి ‘రేపటి నుంచి...’ దగ్గర గొంతు పట్టేసింది. నీళ్ళ గ్లాసు అందించింది ఎవరో తెలుసా? ఆయనే. తర్వాత ఆయన లేచి మైకు అందుకుని ఏమన్నారంటే... అయ్యో, ఆఫీసరుగారు పిలుస్తున్నారు, తపాలా కట్టేవేళ కూడా అయింది. అది ఇంకో ఉత్తరంలో.

నీ,
గౌరవనీయుడు