సర్టిఫికెట్లు ఉన్నాయి సరే, వాటిని ఎవరు చదివారు?

సంపాదకుడి గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్లో కొత్త హాస్టల్ బిల్డింగ్ ఇనుము గురించి వార్త వచ్చింది కదా, దాంట్లో ఆఫీసర్ గారు "ల్యాబ్ టెస్ట్ సర్టిఫికెట్లన్నీ ఐఎస్ 1786 ప్రకారమే ఉన్నాయి" అన్నారు, అక్కడితో వార్త అయిపోయింది. ఆ ఒక్క మాట చూసి నాకు నాలుగు రోజులుగా మనసు ఊరుకోవట్లేదు, అందుకే ఆలస్యమైనా రాస్తున్నా. నా ఉద్యోగమే అది. ఇనుము లోడు వస్తే దాంతోపాటు వచ్చిన సర్టిఫికెట్ని మా కొనుగోలు స్పెసిఫికేషన్ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె చూసి పాస్, ఫెయిల్ రాసి క్వాలిటీ ఇంజనీర్‌కి ఇస్తాను.

ఐఎస్ 1786 అంటే కాంక్రీటులో వేసే ఇనుప రాడ్లకి మన దేశపు ప్రమాణం, దాంట్లో ఒక్క రకం రాడ్డు లేదండీ, చాలా గ్రేడులున్నాయి. ఎఫ్‌ఈ 500 వేరు, ఎఫ్‌ఈ 500డి వేరు. రెండిటికీ యీల్డ్, అంటే రాడ్డు మళ్లీ వెనక్కి రాకుండా సాగడం మొదలుపెట్టే బలం, 500 ఎంపీఏకి తగ్గకూడదు, అక్కడిదాకా ఒకటే. కానీ రాడ్డు తెగిపోయేముందు మోసే గరిష్ఠ బలం, అంటే టెన్సైల్, అసలు వచ్చిన యీల్డ్ కంటే మామూలు 500కి 8 శాతం ఎక్కువుంటే చాలు, డి కి 10 శాతం ఎక్కువుండాలి. మనం డి అడిగి డబ్బు కట్టినప్పుడు "ఐఎస్ 1786 ప్రకారం ఉంది" అంటే ఏం చెప్పినట్టు?

నాకు ఎదురైన ఒక లోడు సంగతి చెప్తా, కంపెనీ పేరు వద్దు. 16 ఎంఎం రాడ్లు, ఆర్డర్ 500డి, సర్టిఫికెట్లో నాలుగు హీట్లు, అంటే కొలిమిలో నాలుగుసార్లు విడివిడిగా కరిగించిన ఉక్కు. ఒక హీట్‌కి యీల్డ్ 541, టెన్సైల్ 589. డి కి టెన్సైల్ కనీసం 565, కాబట్టి పైపైన చూస్తే రెండూ పాస్. నిష్పత్తి గడిలో "1.1" అని ప్రింట్ చేశారు. నేను 589ని 541తో భాగిస్తే 1.089 వచ్చింది. స్పెసిఫికేషన్లో 1.10 అని రెండు దశాంశ స్థానాలకి అడిగితే మనం కూడా రెండు స్థానాలకే సవరించాలి, అప్పుడు 1.09, ఫెయిల్. వాళ్లు ఒక స్థానానికి కుదించేసరికి పాస్ అయిపోయింది! అందుకే ప్రింట్ చేసిన నిష్పత్తిని నేను ఎప్పుడూ నమ్మను, మళ్లీ లెక్క కడతాను. సప్లయర్ ఫోన్ చేసి "యీల్డ్ 541 ఉంది, ఇంకా గట్టిదే కదా సార్" అన్నాడు. అదే సమస్య బాబూ అన్నాను. యీల్డ్ పెరిగి టెన్సైల్ పెరక్కపోతే భూకంపంలో సాగడం రాడ్డు పొడవునా పాకదు, ఒక్కచోటే సాగి అక్కడే తెగుతుంది. డి గ్రేడు కొనేదే ఆ సాగుడు కోసం.

ఇంకో హీట్‌లో సల్ఫర్ 0.038, ఫాస్ఫరస్ 0.039. విడివిడిగా 0.040 లోపే, ఇద్దరు చూసి టిక్ పెట్టేశారు. కానీ రెండూ కలిపి 0.075 దాటకూడదని కూడా ఉంది, ఇక్కడ 0.077. ఆ కూడిక గడి సర్టిఫికెట్లో లేనే లేదు. రాడ్డు ముక్క మీద చేసే పరీక్షకి కొంచెం సడలింపు ఉంది నిజమే, కానీ ఇది కరిగిన లోహం తీసి చేసిన పరీక్ష, దీనికి ఆ సడలింపు వర్తించదు.

మూడో హీట్‌లో గరిష్ఠ బలం దగ్గర సాగుదల గడి ఖాళీగా వదిలేశారు, కనీసం 5 శాతం అని మేం అడిగాం. ఖాళీ ఉంటే పాసూ కాదు ఫెయిలూ కాదు, "రిపోర్టు చేయలేదు, సరుకు ఆపండి" అని రాశాను. నాలుగోది అన్నిటా పాస్, కానీ దాని హీట్ నంబరు కట్టల ట్యాగుల మీద ఎక్కడా కనపడలేదు, అంటే ఆ కాగితం వేరే సరుకుదన్నమాట. మా ఇంజనీర్ గారు లిస్టు చూసి లోడు మొత్తం పక్కన పెట్టించారు.

ఇంతా చేస్తే గంటన్నర పనండీ. ఇప్పుడు చాలా ఆఫీసుల్లో చూసేది స్టాంపు ఉందా, సంతకం ఉందా, ఫైల్లో పేజీ ఉందా అంతే. టెండర్లో గ్రేడు కూడా రాయకుండా వట్టి "ఐఎస్ 1786" అని వదిలేసిన కాగితాలు నా కళ్లతో చూశాను, అలాంటప్పుడు దేనితో పోలుస్తారు? పాత రోజుల్లో సైట్లో ఏఈ గారు సర్టిఫికెట్ పట్టుకుని కట్ట దగ్గరికి వెళ్లి ట్యాగు చూసేవారు, ఇప్పుడు వాట్సాప్‌లో ఫోటో వస్తే ఓకే అని పెట్టేస్తున్నారు.

మీ విలేకరి గారు ఆ ఆఫీసర్ గార్ని మళ్లీ కలిస్తే మూడే అడగమనండి: ఆర్డర్లో రాసిన గ్రేడు ఏంటి, ఒక్కో హీట్‌కి యీల్డ్, టెన్సైల్ ఎంత, ఆ హీట్ నంబర్లు కట్టల మీద ఎవరు సరిచూశారు. కాగితాలు ఇస్తే నేనే కూర్చుని లిస్టు చేసి ఇస్తా, రూపాయి అక్కర్లేదు, ఆ హాస్టల్లో ఉండబోయేది పిల్లలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ