యెన్ పడింది నోట్ల ముద్రణతో కాదు

అయ్యా,

పోయిన ఆదివారం మీ వాణిజ్యం పేజీలో జపాన్ కరెన్సీ మీద వ్యాసం చదివాను. 'కేంద్ర బ్యాంకు నోట్లు గుద్ది వదిలింది, యెన్ పడింది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎవరైనా సరిదిద్దుతారేమోనని నాలుగు రోజులు చూశాను. బ్యాంకులో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాణ్ణి, ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

2013 ఏప్రిల్ 4న అక్కడి కేంద్ర బ్యాంకు అప్పటి గవర్నర్ కురోడా, ప్రభుత్వ బాండ్ల నిల్వను ఏటా 50 లక్షల కోట్ల యెన్ల చొప్పున పెంచుతామన్నారు. బాండ్లు అమ్మిన బ్యాంకుల సొమ్ము కేంద్ర బ్యాంకులోని వాళ్ల ఖాతాల్లోనే జమ అవుతుంది. నోట్ల కట్టలుగా బజారుకి రాదు. మరి యెన్ ఎందుకు పడింది? అంత పెద్ద కొనుగోలుదారు దిగితే బాండ్ ధర పెరుగుతుంది, దాని మీద వచ్చే రాబడి తగ్గుతుంది. ఆ రాబడి సరిపోక బీమా కంపెనీలు, పెన్షన్ ఫండ్లు యెన్లు అమ్మి, డాలర్లు కొని, అమెరికా బాండ్ల వైపు వెళ్తాయి. యెన్ పడేది ఆ అమ్మకాల దగ్గర.

అసలు సగం పడడం కొనుగోళ్లకు ముందే అయిపోయింది. 2012 నవంబరు మధ్యలో డాలరుకు 80 యెన్లు. ఎన్నికలు రాగానే, ఆ తర్వాత ప్రధాని అయిన అబే అపరిమితంగా డబ్బు వదలాలని ప్రచారం మొదలుపెట్టారు. కొత్త పథకం కింద ఒక్క బాండూ కొనకముందే డాలరు 93 యెన్లకు చేరింది. మే నెలలో 100 దాటింది. రాబోయేదాన్ని ఊహించి జనం ముందే అమ్మేశారు.

2016లో ఏటా 80 లక్షల కోట్ల చొప్పున కొంటున్నా యెన్ బలపడింది, 120 నుంచి 100 దాకా వచ్చింది. అమెరికా వడ్డీ త్వరగా పెంచదని, జపాన్ దగ్గర ఇక అస్త్రాలు లేవని జనానికి అనిపించింది. ఎంత కొన్నారన్నది ఒక్కటే చూస్తే ఇది అర్థం కాదు. 2022లో అమెరికా వడ్డీలు పెంచుతూ పోతే, జపాన్ పదేళ్ల బాండ్ రాబడి 0.25 శాతం దాటకుండా కొంటూ కూర్చుంది. ఆ తేడాతోనే అక్టోబరులో డాలరు 150 యెన్లు దాటింది.

మా అబ్బాయి నాగోయాలో ఉంటాడు. నా పాస్‌బుక్‌లో 2012 అక్టోబరులో వాడు పంపిన లక్ష యెన్లకు 66 వేల చిల్లర పడింది. 2024 జులైలో అదే లక్షకు 52 వేలు కూడా రాలేదు. కారణమేమిటని మా బ్రాంచిలో అడిగితే, కౌంటర్‌లో కుర్రాడు తలెత్తకుండా "సిస్టమ్‌లో రేటు అంతేనండీ" అన్నాడు. చెప్పేవాళ్లే లేకపోతే ఎలా? ఒకప్పుడు మీ పేజీలో బాండ్ల రాబడులు వేసేవారు, ఇప్పుడు ఏ షేరు కొనాలన్న సలహాలే. విదేశాల నుంచి పిల్లలు పంపే డబ్బు మీద బతికే ఇళ్లు మన జిల్లాల్లో ఎన్ని లేవు! రోజూ యెన్ రేటు పక్కన అమెరికా, జపాన్ పదేళ్ల బాండ్ల రాబడులు రెండంకెలు వేయండి, చాలు.

— ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తెనాలి