వనభోజనాల్లో నా పది నిమిషాలు: మాస్టారికి, ఇంకొందరికి కృతజ్ఞతలు

మొన్న ఆదివారం మా వీధివాళ్ళ కార్తీక వనభోజనాల్లో క్షమ గురించి పది నిమిషాలు మాట్లాడే పని నా మీద పడింది. ఉసిరిచెట్టు కింద అంతా ఆకలితో కూర్చుని ఉంటే మైకు పట్టుకోవడమంటే మామూలు టెన్షన్ కాదు. గట్టెక్కానంటే మా తెలుగు మాస్టారి చలవే.

నేను రాసుకున్నది చిన్న కథ. నిద్రపోతున్న ఉపపాండవుల్ని అశ్వత్థామ చంపాడు, ద్రౌపది క్షమించింది, కాబట్టి మనమూ క్షమించాలి. ఆఖర్న, ప్రహరీ గోడ తగాదాతో మాటలు మానేసిన ఇద్దరు అన్నదమ్ముల్ని ముందుకు పిలిచి చేతులు కలిపిద్దామని కూడా అనుకున్నాను.

మాస్టారు కాగితం చదివి, "ఏ ద్రౌపదిరా?" అన్నారు. భారతం సౌప్తికపర్వంలో ఆవిడ అశ్వత్థామ ప్రాణం కావాలని అన్నం మాని కూర్చుంది, అతని తలమణి తెచ్చి ఇచ్చాకే లేచింది. వదిలేయమన్నది భాగవతం మొదటి స్కంధంలో. పోతన గారి దగ్గర కూడా ఆవిడ ముందు నిలదీస్తుంది: మా మగవాళ్ళంతా మీ నాన్న దగ్గర విద్య నేర్చుకున్నవాళ్ళే, శిష్యుల బిడ్డల్ని నరకడం నీకు న్యాయమా అని. ఆ తర్వాతే, నాలాగా వీళ్ళమ్మ కృపి ఏడవకూడదంటుంది. భీముడు ఒప్పుకోడు, చంపాల్సిందే అంటాడు. చివరికి అర్జునుడు జుట్టు కోసి, మణి తీసుకుని శిబిరం నుంచి గెంటేస్తాడు. ప్రాణం దక్కింది గానీ శిక్ష తప్పలేదు. ఈ ముక్క నా కాగితంలో అసలు లేదు.

తర్వాత ఎర్రపెన్ను తీశారు. 'క్షమించాలి' అన్న చోటల్లా కొట్టేశారు. ఆవిడ ఏం చేసిందో చెప్పు, వీళ్ళేం చెయ్యాలో చెప్పకు అన్నారు. అన్నదమ్ముల సంగతి ఎత్తగానే కోపం వచ్చింది. నలుగురిలో పిలిస్తే కాదనలేక చెయ్యి ఇస్తారు, ఇంటికెళ్ళాక ఇంకా దూరమవుతారు, ఆ వైపు చూడను కూడా చూడకు అన్నారు. చూడలేదు. (ఒకసారి చూశాను.)

ముందురోజు రాత్రి మూడుసార్లు చదివించుకుని విని, పద్నాలుగు నిమిషాల్ని పదికి దింపింది మా ఆవిడ. పులిహోర గుండిగలు కాసేపు మూతపెట్టి ఉంచిన వంటవాళ్ళకూ దండం.

అన్నీ అయ్యాక ఒక మామ్మగారు, "వదిలేశారు సరే, ఆ తర్వాత బుద్ధిగా ఉన్నాడా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. వెనక వరసలోంచి మాస్టారే లేచి, "లేదమ్మా, వెళ్ళి ఉత్తర కడుపులో ఉన్న బిడ్డ మీద బ్రహ్మాస్త్రం వేశాడు. కృష్ణుడు అడ్డుపడ్డాడు కాబట్టి పరీక్షిత్తు బతికాడు" అన్నారు. మామ్మగారు "అదీ సంగతి" అని విస్తరి అందుకున్నారు.

మాస్టారూ, మీ భాగవతం ఇంకా నా దగ్గరే ఉంది. శనివారం తెచ్చి ఇస్తాను.