పర్మిట్ పేరు మారని ఆటోల అమ్మకాలను అరికట్టాలి

సంపాదకుడు గారికి,

బతుకుతెరువు కోసం మొదటిసారి పాత ఆటో కొనేవారు ఇంజిను చూడడానికి మెకానిక్కును వెంట తీసుకువెళ్తారు. పర్మిట్, ఫైనాన్స్ కాగితాలు మాత్రం బ్రోకరు మాట మీద వదిలేస్తున్నారు.

మా స్టాండులో ఒక కుర్రవాడు అరవై వేలు చేతికిచ్చి, పాత యజమాని మిగిల్చిన వాయిదాలు తానే కడతానని స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకున్నాడు. నెలనెలా బ్రోకరుకు డబ్బు ఇచ్చాడు. బ్రోకరు ఆ సొమ్మును ఫైనాన్స్ సంస్థకు కట్టలేదు. సంస్థవాళ్లు వచ్చి ఆటో పట్టుకుపోతే ఇతను అడ్డు చెప్పలేకపోయాడు. ఆర్‌సీ, పర్మిట్, అప్పు మూడూ ఇంకొకరి పేరునే ఉన్నాయి.

మోటారు వాహనాల చట్టం 82వ సెక్షన్ ప్రకారం, పర్మిట్ ఇచ్చిన రవాణా అధికారి అనుమతి లేనిదే అది మరొకరికి బదిలీ కాదు. అంటే ఆర్‌సీ మీద పేరు మారినంత మాత్రాన సరిపోదు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఫైనాన్స్ ఉందో లేదో, ఫిట్‌నెస్, బీమా ఎప్పటివరకు ఉన్నాయో తెలుస్తాయి. ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని సంస్థ సంతకం చేసిన ఫారం 35, నిరభ్యంతర పత్రం చేతికి రాకుండా మిగతా డబ్బు ఇవ్వకూడదు.

ఇంజిను విషయంలో ఒక్కటే చెబుతాను. ముందే వేడెక్కించి ఉంచిన బండిని చూడవద్దు. ఉదయాన్నే వెళ్లి చల్లటి ఇంజినును స్టార్టు చేయించాలి. నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజినాయిలు కాలుతోందని అర్థం. పిస్టన్ రింగులో, సిలిండరో అరిగి ఉండవచ్చు. సీఎన్‌జీ బండి అయితే గ్యాస్ సిలిండరుకు మూడేళ్లకోసారి చేయాల్సిన పరీక్ష ఎప్పుడు జరిగిందో కూడా చూడాలి.

సొంతంగా అప్పు తీసుకునేవారిని 'ఫ్లాట్' వడ్డీ దెబ్బతీస్తోంది. లక్షన్నర అప్పుకు 14 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే మూడేళ్లకు 63 వేలు. నెల వాయిదా సుమారు 5,917 రూపాయలు. అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం అప్పు మీదే లెక్కిస్తారు కాబట్టి, నిజంగా పడే వడ్డీ ఏడాదికి 24 శాతం దాటుతుంది. సంతకానికి ముందే తగ్గే అసలుపై వడ్డీ ఎంతో కాగితం మీద రాయించుకోవాలి.

పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖ నుంచి గుర్తింపు పత్రం తీసుకోవాలనే నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచే ఉంది. ఆటో బ్రోకర్లకూ దాన్ని కచ్చితంగా వర్తింపజేయాలి. పర్మిట్ బదిలీ, యాజమాన్య బదిలీ రెండింటికీ ఒకే దరఖాస్తు, ఒకే గడువు ఉండేలా రవాణా అధికారులు చర్య తీసుకోవాలి.

ఇట్లు,
ఒక ఆటో డ్రైవరు